నలుగురి నోట్స్ ఒక్క ప్రెజెంటేషన్‌గా ఎలా కుదురుతుంది?

ప్రశ్న: మేం నలుగురం కలిసి లిథియం అయాన్ బ్యాటరీల మీద 12 నిమిషాల ప్రెజెంటేషన్ ఇవ్వాలండీ. చరిత్ర, పనిచేసే తీరు, వాడకం, సమస్యలు అని పంచుకుని ఎవరి నోట్స్ వాళ్లు రాసుకున్నాం. ఒకరు వర్డ్ ఫైల్ పంపారు, ఒకరు గూగుల్ డాక్ లింకు ఇచ్చారు, ఒకరు చేత్తో రాసి ఫోటోలు తీశారు, ఇంకొకరు ఏకంగా స్లైడ్లే చేసేశారు. కలిపే పని నా మీద పడింది. రెండు రాత్రులు కాపీ, పేస్ట్ చేస్తే 31 స్లైడ్లు అయ్యాయి. ఫాంట్, రంగు అన్నీ ఒకటే చేశాను. అయినా చూస్తే నలుగురు చేసినట్టే ఉంది. నాలుగు రోజులే మిగిలాయి, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: ముందు ఆ 31 స్లైడ్ల ఫైల్‌ను పక్కన పెట్టండి. డిలీట్ మాత్రం చేయొద్దు, అందులోని బొమ్మలతో తర్వాత పని పడుతుంది. కానీ దాన్ని సరిచేస్తూ కూర్చుంటే మిగిలిన నాలుగు రోజులూ అందులోనే పోతాయి.

ఫాంట్ ఒకటే అయినా నలుగురు చేసినట్టు ఎందుకుందంటే, మీరు కలిపింది పేజీలను. వాటిలోని మాటలు ఇంకా కలవలేదు. ఒకరు ‘శక్తి సాంద్రత’ అని రాసి ఉంటారు, పక్కవాళ్లు ‘ఎనర్జీ డెన్సిటీ’ అని ఉంటారు. ఒకరు పూర్తి వాక్యాలు రాస్తారు, ఒకరు రెండేసి పదాల ముక్కలు. చార్జింగ్ ఎలా జరుగుతుందన్నది పనిచేసే తీరులో ఒకసారి, సమస్యల భాగంలో మరోసారి వచ్చి ఉంటుంది, అదీ వేరే బొమ్మతో. వినేవాళ్లకు కారణం తెలియకపోయినా అతుకు మాత్రం తెలిసిపోతుంది. కాబట్టి మొదటి రోజంతా కొత్త స్లైడ్ అనేదే చేయకండి.

ఒక ఖాళీ వర్డ్ ఫైల్ తీసుకుని నలుగురి నోట్స్‌నూ అందులోకి ఉత్త అక్షరాలుగా దించండి. పేస్ట్ చేసేటప్పుడు `Keep Text Only` ఎంచుకుంటే పాత ఫాంట్లు, రంగులు వెంట రావు. చేత్తో రాసినవి టైప్ చేయాల్సిందే. ఆ పని రాసినవాళ్లకే అప్పజెప్పండి, తమ అంకెలు తామే సరిగ్గా చదవగలరు. స్లైడ్లు చేసిన స్నేహితుల ఫైల్‌లో `View` లోకి వెళ్లి `Outline View` తెరిస్తే ఎడమవైపు అక్షరాలన్నీ వరసగా కనిపిస్తాయి, అక్కణ్నుంచి కాపీ చేసుకోవచ్చు. ఏదైనా స్లైడ్ నంబర్ పక్కన ఏమీ కనిపించకపోతే, అక్కడి మాటల్ని విడిగా గీసిన టెక్స్ట్ బాక్స్‌లో రాశారన్నమాట. వాటిని స్లైడ్ మీదికి వెళ్లి తెచ్చుకోవాలి. ఈ టెక్స్ట్ బాక్సుల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ ఇబ్బంది పెడతాయి. ప్రతి పేరా ముందు అది ఎవరిదో పేరులోని మొదటి అక్షరం వేసుకోండి. ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఫైల్‌ను ఒక్కసారి మొదట్నుంచి చివరిదాకా చదివి, రెండు చోట్ల వచ్చిన ప్రతి అంకెనూ, ప్రతి సాంకేతిక పదాన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. అసలు పని ఇక్కడే ఉంది. మీ అంశంలో తప్పకుండా తగిలేవి కొన్ని చెప్తాను.

సెల్ వోల్టేజీ చూడండి. ఒకరి నోట్స్‌లో 3.7 అని, ఇంకొకరి దాంట్లో 4.2 అని, మూడోచోట 3.2 అని ఉండొచ్చు. ఎక్కువమంది ఏది రాస్తే అది ఉంచేద్దాం అనిపిస్తుంది. అలా చేయకండి, ఎందుకంటే మూడూ నిజమే కావచ్చు. కోబాల్ట్ ఉన్న మామూలు లిథియం అయాన్ సెల్‌కు లేబుల్ మీద వేసే నామమాత్రపు వోల్టేజీ 3.6 లేదా 3.7. అదే సెల్ నిండా చార్జ్ అయినప్పుడు 4.2. ఇక 3.2 అనేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే వేరే రకం సెల్‌ది. అంటే ఇక్కడ అంకెలు కొట్టుకోవడం లేదు, ఒక్కొక్కరూ ఒక్కో సంగతి చెప్తున్నారు. ఆ సంగతేమిటో అంకె పక్కన లేదు, అంతే. ప్రెజెంటేషన్ మొత్తానికి ఒక రకం సెల్‌ను, దాని నామమాత్రపు వోల్టేజీని ఆధారంగా పెట్టుకుని, మిగతావి వచ్చినచోట ‘నిండా చార్జ్ అయినప్పుడు’, ‘ఐరన్ ఫాస్ఫేట్ రకంలో’ అని చేర్చండి.

దీనికి తిరకాసుగా కొన్నిసార్లు ఒకే అంకె రెండు వేషాల్లో వస్తుంది. ఒకరు కిలోకు 250 వాట్ అవర్ అని రాశారనుకోండి, ఇంకొకరు కిలోకు 0.9 మెగాజౌల్ అన్నారనుకోండి. ఒక వాట్ అవర్ అంటే 3600 జౌళ్లు, కాబట్టి 250 × 3600 అంటే 9 లక్షల జౌళ్లు, అంటే సరిగ్గా 0.9 మెగాజౌల్. రెండూ ఒకటే. కానీ రెండు స్లైడ్ల మీద రెండు రకాలుగా కనిపిస్తే వినేవాళ్లు వాటిని రెండు వేర్వేరు విషయాలనుకుంటారు. బ్యాటరీల గురించి మాట్లాడేటప్పుడు వాట్ అవర్ అలవాటైన కొలత, అదే అంతటా ఉంచండి.

అన్నింటికంటే ప్రమాదం ఆనోడ్, కాథోడ్‌లతో. బ్యాటరీలతో పనిచేసేవాళ్లు చార్జింగ్ అయినా, వాడకం అయినా రుణ ధ్రువాన్నే, అంటే గ్రాఫైట్ ఉన్నవైపునే ఆనోడ్ అంటారు. రసాయన శాస్త్రం పాఠం ప్రకారం మాత్రం ఆక్సీకరణ ఎక్కడ జరిగితే అది ఆనోడ్. ఆ లెక్కన చార్జింగ్ అప్పుడు పేర్లు తారుమారవుతాయి. మీలో ఒకరు ఒక పద్ధతిలో, మరొకరు ఇంకో పద్ధతిలో నోట్స్ రాసుకుంటే వేదిక మీద ఒకరు చెప్పినదాన్ని రెండోవాళ్లు కాదన్నట్టు అవుతుంది. మా బ్యాచ్‌లో ఇలాగే ఒకసారి రెండో వక్త మొదటి వక్తకు నేరుగా ఎదురు చెప్పడం, ఆ విషయం మాకు ప్రశ్నల సమయంలో గానీ తెలియకపోవడం జరిగింది. ఆ రోజు మా స్లైడ్లు చూడముచ్చటగా ఉన్నాయి, ఫాంట్లు కూడా కలిశాయి. మీరు ‘రుణ ధ్రువమే ఆనోడ్’ అని ఒక్క మాట అనుకుని, బొమ్మ మొదటిసారి వచ్చినచోట ఆ సంగతి చెప్పేయండి.

పదాల విషయంలో తెలుగు పదమా, ఇంగ్లిష్ పదమా అని వాదించుకోవద్దు. మీరు నోటితో ఏది పలుకుతారో అదే స్లైడ్ మీద ఉండాలి. నలుగురూ మాట్లాడేటప్పుడు ‘ఎలక్ట్రోలైట్’ అనే వాళ్లయితే తెర మీద ‘విద్యుద్విశ్లేష్యం’ ఉండి లాభం లేదు. ఎంచుకున్న పదాన్ని కాగితం మీద రాసి, మిగతావాటిని వర్డ్‌లో `Replace` తో మార్చండి. అయితే `Replace All` ఒక్కసారిగా నొక్కకండి. తెలుగులో విభక్తులు పదానికి అంటుకుని వస్తాయి కదా, ‘సాంద్రతను’, ‘సాంద్రతలో’ లాంటి చోట్ల వాక్యం పాడవుతుంది. ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చడం పెద్ద పనేం కాదు.

ఇక కుదింపు. 12 నిమిషాలకు, సుమారుగా నిమిషానికొకటి చొప్పున, పేరు స్లైడ్ కాకుండా 11 చాలు. మనిషికి మూడేసి నిమిషాలు. అలాగని మనిషికి మూడు స్లైడ్లని సమానంగా పంచకండి. చరిత్రకు రెండు సరిపోతాయి, పనిచేసే తీరుకు నాలుగు పడతాయి. ఆ నాలుగింటిలో ఒకటి చరిత్ర చెప్పిన మనిషే చెప్పొచ్చు.

స్లైడ్ తలకట్టుగా పదం కాకుండా వాక్యం పెట్టండి. ‘చరిత్ర’ అని పెడితే దాని కింద ఏం వేసినా సరిపోతుంది, అందుకే నోట్స్ మొత్తం అక్కడికి వచ్చి చేరుతుంది. ‘1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చేముందు రెండు దశాబ్దాలు పట్టింది’ అని పెట్టారనుకోండి, ఆ మాటను నిలబెట్టేవే కింద ఉండాలి: 1970లలో విటింగ్‌హామ్ మొదలుపెట్టడం, 1980లో గుడినఫ్ బృందం కోబాల్ట్ ఆక్సైడ్ కాథోడ్, 1985లో యోషినో తయారుచేసిన నమూనా. ఈ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చిందన్న మాట నోటితో చెప్పినా చాలు. స్నేహితుల నోట్స్‌లో వోల్టా దగ్గర్నుంచి మొదలైన ఒకటిన్నర పేజీ ఉంటే, అది ఈ వాక్యం కింద ఇమడదు. మీరు తీసేశారన్న మాట రాదు, వాక్యమే పక్కకు పెడుతుంది. 11 వాక్యాలనూ వరసగా చదివితే ఒక కథలా నడవాలి. ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఒక స్లైడ్ ఎక్కువైందనో తక్కువైందనో అర్థం. చార్జింగ్ రెండుసార్లు వచ్చిన సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. సమస్యల భాగంలో మళ్లీ వివరించకుండా, మరీ వేగంగా చార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్‌లోకి వెళ్లకుండా దాని పైనే లోహంగా పేరుకుంటుందన్న కొత్త విషయంతో మొదలుపెట్టొచ్చు.

పక్కకు తీసిన నోట్స్‌ను పారేయకండి. సంబంధించిన స్లైడ్ కింద ఉండే నోట్స్ గడిలో పెట్టండి. రాసినవాళ్లకు తమ కష్టం అక్కడే ఉందని కనిపిస్తుంది, ప్రశ్న వస్తే జవాబుకూ పనికొస్తుంది.

రెండో రోజు స్లైడ్లకు రండి. ఆ వర్డ్ ఫైల్‌లో ప్రతి తలకట్టు వాక్యానికీ `Heading 1`, దాని కింది అంశాలకు `Heading 2` స్టైల్ పెట్టి, సేవ్ చేసి, ఫైల్ మూసేయండి. పవర్‌పాయింట్‌లో `Home`, `New Slide` కింద `Slides from Outline` అని ఉంటుంది. దానికి ఈ ఫైల్‌ను చూపిస్తే `Heading 1` ఉన్న ప్రతి వాక్యమూ ఒక కొత్త స్లైడ్ తలకట్టు అవుతుంది, `Heading 2` లు అంశాలుగా పడతాయి. మామూలు పేరాలూ, బొమ్మలూ రావు. అది మంచిదే, బొమ్మలను మనం విడిగా చూసుకుంటాం. ఇలా చేయడం వల్ల ప్రతి అక్షరమూ స్లైడ్‌కు సొంతమైన గడిలోనే పడుతుంది, విడి టెక్స్ట్ బాక్స్ ఒక్కటి కూడా ఉండదు. గూగుల్ స్లైడ్స్‌లోనే చేయాలనుకుంటే ఈ దారి లేదు, తలకట్టునూ అంశాలనూ వాటి గడుల్లోకి `Ctrl+Shift+V` తో విడివిడిగా వేసుకోవాలి.

వచ్చిన స్లైడ్లు చూసి కంగారుపడకండి. వర్డ్‌లోని ఫాంటూ, నీలం రంగూ వెంట వచ్చి ఉంటాయి. ముందు `View`, `Slide Master` లోకి వెళ్లి ఎడమవైపు అన్నింటికన్నా పైనున్న పెద్ద స్లైడ్‌లో మీ పద్ధతి పెట్టండి. తలకట్టు 32, అంశాలు 24, బొమ్మ కింద రాసేవి 18 అనుకుంటే గది వెనక కూర్చున్నవాళ్లకు కూడా కనిపిస్తుంది. ఇవి పక్కా నియమాలు కావు, కానీ 18కి దిగువన ఏదైనా పెట్టాల్సి వస్తోందంటే మాటలు ఎక్కువయ్యాయనే లెక్క. తర్వాత బయటికొచ్చి, ఎడమవైపు చిన్న స్లైడ్ల మీద `Ctrl+A` కొట్టి `Home` లోని `Reset` నొక్కండి. అన్నీ మాస్టర్ చెప్పినట్టుకు వచ్చేస్తాయి. కావాలని ఎక్కడైనా వేసుకున్న రంగులూ పోవచ్చు కాబట్టి రీసెట్ ముందు చేసుకుని, అలంకారాలు తర్వాత వేసుకోండి. విడి టెక్స్ట్ బాక్సులకు మాత్రం ఈ రీసెట్ తగలదు. మీరు రెండు రాత్రులు ఒక్కొక్క బాక్సుకూ ఫాంట్ మార్చాల్సి రావడానికి కారణం అదే.

ఇంకో దొంగ ఉన్నాడు. మాటలు గడిలో పట్టకపోతే పవర్‌పాయింట్ చెప్పా పెట్టకుండా అక్షరాలు చిన్నవి చేసేస్తుంది. ఒక స్లైడ్ మీద 24, పక్కదాని మీద 20, ఇంకోదాని మీద 17గా ఉంటాయి. చూసేవాళ్లకు అది ‘వేరేవాళ్లు చేసిన స్లైడ్’లాగే అనిపిస్తుంది. మాస్టర్‌లోనే అంశాల గడిని ఎంచుకుని, కుడి క్లిక్‌తో `Format Shape`, అక్కడ `Text Options` లో `Do not Autofit` పెట్టండి. ఇక మాటలు ఎక్కువైతే గడి బయటికి పొర్లుతాయి. అప్పుడు మీ చేతికి మిగిలే దారి ఒక్కటే, వాక్యం తగ్గించడం.

ఆ స్లైడ్లు చేసిన స్నేహితులు ‘నా స్లైడ్లు ఎంత బాగా వచ్చాయో, అలాగే పెట్టెయ్’ అంటారు. ఒకటో రెండో నిజంగా బాగుంటే తీసుకోండి, కాకపోతే పేస్ట్ చేసేటప్పుడు `Use Destination Theme` ఎంచుకోండి. `Keep Source Formatting` ఎంచుకుంటే ఆ స్లైడ్‌తోపాటు దాని పాత మాస్టర్ కూడా మీ ఫైల్‌లోకి దూరిపోతుంది. అలా జరిగిందా లేదా అన్నది తెలుసుకోవడం తేలిక. `Slide Master` తెరిస్తే ఎడమవైపు 1, 2, 3 అని అంకెలు వేసిన పెద్ద స్లైడ్లు ఒకటికి మించి కనిపిస్తాయి. మీ 31 స్లైడ్ల ఫైల్‌లో ఇప్పుడు చూడండి, మూడో నాలుగో ఉంటాయని నా అనుమానం.

చివరిగా బొమ్మలు. నాలుగు చోట్ల నుంచి తెచ్చిన నాలుగు సెల్ బొమ్మలు పెడితే పైన పడ్డ కష్టమంతా వృథా. ఒకదాంట్లో ధన ధ్రువం ఎడమవైపు ఉంటుంది, ఇంకోదాంట్లో కుడివైపు. ఒకరు లిథియం అయాన్లకు ఎరుపు వేస్తే, మరొకరు అదే ఎరుపు ఎలక్ట్రాన్లకు వేస్తారు. పవర్‌పాయింట్‌లోనే రెండు దీర్ఘచతురస్రాలు, మధ్యలో ఒక గీత, కొన్ని చుక్కలతో ఒక్క సెల్ బొమ్మ మీరే గీయండి. పావుగంట పని. ఆనోడ్ ఎప్పుడూ ఎడమన, ఒకే రంగులో. చార్జింగ్ చెప్పేటప్పుడు బాణం కుడి నుంచి ఎడమకు, వాడేటప్పుడు ఎడమ నుంచి కుడికి. పేరుకుపోయే లిథియం గురించి చెప్పే స్లైడ్‌లో అదే బొమ్మ, గ్రాఫైట్ అంచున నాలుగు చుక్కలు ఎక్కువ. ఒకే బొమ్మ మూడు స్లైడ్లలో చిన్న చిన్న మార్పులతో వస్తే వినేవాళ్లు కొత్తగా అర్థం చేసుకోవాల్సింది ఆ మార్పు ఒక్కటే. గ్రాఫులు కూడా ఫోటోలుగా అతికించకుండా, అంకెలు దొరికినంతవరకు మళ్లీ గీయండి. అంకెలు దొరకని గ్రాఫ్ అయితే అసలు అవసరమా అని అడగండి.

మూడో రోజు `Home`, `Replace` పక్కనున్న చిన్న బాణం కింద `Replace Fonts` తెరవండి. మార్చడానికి కాదు, ఫైల్‌లో ఏయే ఫాంట్లు దాక్కున్నాయో ఆ జాబితాలో తెలుస్తుంది. మీరు పెట్టినవి కాక వేరే పేరు కనిపిస్తే ఎక్కడో ఒక పాత ముక్క మిగిలినట్టే. తర్వాత నలుగురూ కూర్చుని గట్టిగా ఒకసారి చెప్పుకోండి. ఎవరి భాగం వాళ్లు చెప్పడం కాదు, పక్కవాళ్ల స్లైడ్ చదవండి. నోరు తిరగని వాక్యం, పలకని పదం వెంటనే తగులుతుంది. దిద్దుబాట్లు చెప్పడం నలుగురిదీ, ఫైల్‌లో చేయి పెట్టడం మాత్రం మీ ఒక్కరిదే. లేకపోతే ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని ఫైళ్లు పుట్టుకొస్తాయి, వాటిలో ఏది తాజాదో ఎవరికీ తెలియదు.

నాలుగో రోజు కొత్తగా ఏమీ మార్చకుండా, ఫైల్‌తోపాటు ఒక పీడీఎఫ్ కాపీ కూడా తీసుకెళ్లండి. అక్కడి కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోయినా అక్షరాలు చెదరవు.